అయితే, కాబట్టి, అయినప్పటికీ అన్నీ పెట్టాను, పేరా ఇంకా అతుకుల బొంతలాగే ఉంది

చిత్తుప్రతి

పిల్లల సైన్స్ పత్రికకి ఒక చిన్న వ్యాసం రాశాను. మంచు నీళ్ళ మీద ఎందుకు తేలుతుంది, చలికి చెరువు గడ్డకట్టినా చేపలు ఎలా బతుకుతాయి అన్నది విషయం. మొదటిసారి పంపిన పేరా ఇది:

"చాలా పదార్థాలు చల్లబడితే కుంచించుకుపోతాయి. నీరు కూడా 4 డిగ్రీల వరకు కుంచించుకుపోతుంది. ఆ తర్వాత వ్యాకోచిస్తుంది. మంచు నీటిపై తేలుతుంది. చెరువు పైనుంచి గడ్డకడుతుంది. అడుగున నీరు నీరుగానే ఉంటుంది. చేపలు బతుకుతాయి."

ఎడిటర్ గారు "ఏ వాక్యానికి ఆ వాక్యం విడిగా నిలబడింది, కలపండి" అని తిప్పి పంపారు. సరే కదా అని కలిపాను:

"చాలా పదార్థాలు చల్లబడితే కుంచించుకుపోతాయి. అదేవిధంగా నీరు కూడా 4 డిగ్రీల వరకు కుంచించుకుపోతుంది. అయితే ఆ తర్వాత వ్యాకోచిస్తుంది. కాబట్టి మంచు నీటిపై తేలుతుంది. అందువల్ల చెరువు పైనుంచి గడ్డకడుతుంది. అయినప్పటికీ అడుగున నీరు నీరుగానే ఉంటుంది. తద్వారా చేపలు బతుకుతాయి."

ఈసారి వచ్చిన జవాబు ఒకటే ముక్క: "ముందుదే నయం." ఇంగ్లిష్‌లో హవెవర్, ఆల్దో, దేర్‌ఫోర్ పెడితే పేరా సాఫీగా నడుస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా. నేను చేసింది అదే. తప్పెక్కడ జరిగింది?

వేపగాలి

చదువుతుంటే ప్రతి రెండడుగులకీ స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినట్టుంది. తప్పేంటో చెప్పమంటే మాత్రం నాకూ తెలియదు.

మూడోబెంచి

నాకు అచ్చం ఇలాగే అయింది. ఇంగ్లిష్ పరీక్షలో "ఆల్దో హి వజ్ టయర్డ్, బట్ హి ఫినిష్డ్ ద వర్క్" అని రాస్తే మార్కులు కోసేశారు. ఆల్దో పెడితే బట్ పెట్టకూడదట. రెండూ ఒకే పని చేస్తాయట. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. కాబట్టి మీరు ముందు ఆల్దో, బట్ ఎక్కడెక్కడ కలిసి వచ్చాయో వెతకండి.

చిత్తుప్రతి

@మూడోబెంచి నేను రాసింది తెలుగులో అండీ. ఇంగ్లిష్ పరీక్ష కాదు.

మూడోబెంచి

ఓహ్. హెడ్డింగ్ చూసి వచ్చేశాను. సరే, ఎవరికైనా పనికొస్తుంది, ఉండనివ్వండి.

ఎర్రసిరా

@మూడోబెంచి, మీరు దారి తప్పి వచ్చినా సరైన ఇంటికే వచ్చారు. మీరు ఆ తప్పు ఎందుకు చేశారో ఆలోచించండి. మనం "అలసిపోయినా కానీ పని పూర్తి చేశాడు" అంటాం. "అలసిపోయినా" అన్న మాట చివర ఉన్న "నా" ఆల్దో చేసే పని చేసేసింది. తర్వాత వచ్చే "కానీ" ఉన్నా నష్టం లేదు, నొక్కి చెప్పినట్టుంటుంది అంతే. ఆ చెవితోనే మీరు ఇంగ్లిష్‌లో బట్ వేశారు.

చిత్తుప్రతి గారు దీనికి సరిగ్గా తిరగేసి చేశారు. ఇంగ్లిష్‌లో కలిపే మాట వాక్యం మొదట్లో విడిగా కూర్చుంటుంది. తెలుగులో ఆ పని ఎక్కువగా క్రియ తోకే చేస్తుంది. చల్లబడి, చల్లబడుతూ, చల్లబడితే, చల్లబడినా, చల్లబడేకొద్దీ, చల్లబడటంతో. ఒక్క క్రియకి ఇన్ని తోకలున్నాయి, ఒక్కోటి ఒక్కో సంబంధం చెబుతుంది. మీరు వాటిలో ఒక్క "చల్లబడితే" తప్ప ఏదీ వాడకుండా ప్రతి క్రియకీ "తుంది" తగిలించి ఫుల్‌స్టాప్ పెట్టారు. ఆ తర్వాత వాక్యాల మధ్య బయట నుంచి జిగురు పూశారు. మీ రెండో పేరాలో వాక్యాలు ఏడు, అందులో చివర "తుంది" ఉన్నవి నాలుగు, ఒకటి "టుంది", మిగతా రెండూ "తాయి". కుదుపు అక్కడుంది.

ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పాను, ఈ "తుంది తుంది" వాన నాకు బాగా అలవాటే.

తోకచుక్క

ఎర్రసిరా గారు చెప్పింది కరెక్ట్. అయితే ఒక జాగ్రత్త. "చేసి" అని కలిపితే రెండు పనులూ ఒకళ్ళే చేసి ఉండాలి. "నేను తలుపు తీసి అతను లోపలికి వచ్చాడు" అని రాయలేం. ఈ పేరాలో ఒక వాక్యానికి కర్త నీరు, ఒకదానికి మంచు, ఇంకోదానికి చెరువు, చివరికి చేపలు. కర్తలు మారుతున్నారు కాబట్టి "ఇ" తోకతో కలపడం అసలు కుదరదు.

ఎర్రసిరా

@తోకచుక్క సగం నిజం. "వాన కురిసి చెరువు నిండింది." కురిసింది వాన, నిండింది చెరువు. తప్పనిపిస్తోందా?

తోకచుక్క

లేదు. మామూలుగానే ఉంది. ఇదెలా?

ఎర్రసిరా

మొదటి పని రెండో దానికి కారణమైతే చెవి ఒప్పుకుంటుంది. ఎండలు ముదిరి బావి ఎండిపోయింది, గాలి వీచి దీపం ఆరిపోయింది. మీ తలుపు వాక్యంలో మనిషి తన ఇష్టంతో లోపలికి వచ్చాడు, తలుపు తీయడం అతన్ని లాక్కురాలేదు, అందుకే అది అతకలేదు. దీనికి గీత గీసినట్టు హద్దు చెప్పడం కష్టం. పైకి చదివి చూసుకోవడమే.

కామాకుమార్

తుంది వాన 😂 తుంపర కాదు, తుందిపర.

సగంఫిజిక్స్

తెలుగు సంగతి తర్వాత చూద్దాం. రెండో పేరాలో సైన్సే తప్పుదారి పట్టింది. దాన్ని పట్టించింది ఆ లింకు మాటలే, అది ఎవరూ చెప్పట్లేదు.

మొదటి పేరాలో తప్పేమీ లేదు. ఏడు నిజాలు పక్కపక్కన పెట్టారు, అంతే. లింకులు పెట్టగానే ఏడింటి మధ్యా సంబంధాలు ఒప్పుకున్నట్టయింది. వాటిలో కొన్ని అబద్ధాలు.

"అయితే ఆ తర్వాత వ్యాకోచిస్తుంది": ఇది సరే. కుంచించుకుపోతుంది అనుకుంటుంటే తిరగబడింది, నిజంగా ఎదురుమాటే.

"కాబట్టి మంచు తేలుతుంది": మధ్యలో ఒక మెట్టు ఎగిరిపోయింది. వ్యాకోచిస్తే తేలడం ఎందుకు? బరువు మారకుండా చోటు ఎక్కువ తీసుకుంటుంది, అంటే అంతే చోటులో పట్టే నీటికంటే తేలిక. నీరు మంచుగా మారేటప్పుడు పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. అది చెప్పకుండా కాబట్టి అంటే పిల్లాడు "కాబట్టి ఏంటి?" అంటాడు.

"అందువల్ల చెరువు పైనుంచి గడ్డకడుతుంది": ఇది సగమే. మంచు తేలడం ఒక కారణం. అసలు కథ మంచు పుట్టకముందే నడుస్తుంది. 4 డిగ్రీల నీరు అన్నిటికంటే సాంద్రమైనది, అది అడుక్కి దిగుతుంది. అంతకంటే చల్లబడిన నీరు కొంచెం తేలిక కాబట్టి పైనే ఉండిపోయి, అక్కడే ఇంకా చల్లబడి 0 దగ్గర గడ్డకడుతుంది.

"అయినప్పటికీ అడుగున నీరు నీరుగానే ఉంటుంది": ఇది పూర్తిగా తలకిందులు. పైనుంచి గడ్డకట్టడం వల్లే కదా అడుగు మిగిలింది! ఆ రెంటికీ గొడవేముంది?

చిత్తుప్రతి

@సగంఫిజిక్స్ అమ్మో. నిజం చెప్పాలంటే ఒకే మాట పదేపదే రాకూడదని కాబట్టి తర్వాత అందువల్ల, దాని తర్వాత అయినప్పటికీ అని మార్చుకుంటూ పోయాను. వెరైటీ కోసం.

వేపగాలి

కూరలో పోపు అయిపోయిందని పంచదార వేసినట్టు.

మూడోబెంచి

నేను కూడా పరీక్షలో అదే చేసేవాణ్ణి! ఒక లిస్టు బట్టీపట్టి వెళ్ళేవాణ్ణి. హవెవర్, మోర్ఓవర్, నెవర్‌దిలెస్, ఫర్దర్‌మోర్. వరసగా దింపేవాణ్ణి. నెవర్‌దిలెస్ రాస్తే ఎక్కువ మార్కులని ఎవరో చెప్పారు.

ఎర్రసిరా

కాబట్టి, అందువల్ల ఒకదానికొకటి బదులు కావు, వెరైటీకి మార్చుకోవడానికి. ఇది చూడండి.

"వాన పడేలా ఉంది కాబట్టి గొడుగు తీసుకెళ్ళు." బాగుంది.
"వాన పడటం వల్ల గొడుగు తీసుకెళ్ళు." ఎవరూ ఇలా అనరు.
"వాన పడటం వల్ల ఆట ఆగిపోయింది." ఇది మళ్ళీ బాగుంది.

"వల్ల" అనేది జరిగిన పనికి కారణం చూపిస్తుంది. ఒక పని ఇంకో పనిని తోసింది అని. "కాబట్టి" ఆలోచనకి కారణం చూపిస్తుంది. ఇది తెలుసు, అంటే అది చెయ్యి, లేదా అది అయ్యుంటుంది అని. ఆజ్ఞ ముందు వల్ల నిలబడదు. "లైటు వెలుగుతోంది కాబట్టి ఇంట్లో ఎవరో ఉన్నారు" అంటాం. "లైటు వెలగడం వల్ల ఇంట్లో ఎవరో ఉన్నారు" అంటే లైటే మనిషిని పుట్టించినట్టవుతుంది.

కాబట్టి రెండు పనులూ చేయగలదు, వల్ల ఒక్కటే చేస్తుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు కాబట్టి క్షేమం.

ఇక "తద్వారా". దాని ద్వారా అని. సాధనం ఉన్నచోట వాడే మాట. అడుగున నీరు ఉండటం ద్వారా చేపలు బతకవు, ఆ నీళ్ళలో ఉండి బతుకుతాయి. అది ప్రకటనల భాష, పిల్లల వ్యాసంలో ఎందుకు?

తోకచుక్క

లైటు ఉదాహరణ బాగుంది. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఈ తేడా ఎప్పుడూ పైకి తోచలేదు. కానీ ఎప్పుడూ తప్పు వాడలేదు కూడా. వింతగా ఉంది.

కాగా_మరోవైపు

మీరందరూ అయితే మీద దయ చూపిస్తున్నారు. నేను వార్తల సైట్‌కి రాస్తాను. మా దగ్గర ప్రతి పేరా "అయితే"తో మొదలవుతుంది. "అయితే తాజాగా ఆయన ఒక ప్రకటన చేశారు." దేనికి అయితే? ముందు పేరాతో ఎదురు లేదు, షరతు లేదు, ఏమీ లేదు. పాఠకుణ్ణి లేపడానికి గంట కొట్టినట్టు. అది అయిపోతే "కాగా". కాగా అయిపోతే "ఇదిలా ఉండగా". ఇంకా మిగిలితే "మరోవైపు". ఒకవైపు ఎక్కడుందని మాత్రం అడక్కండి. నా హ్యాండిల్ చూస్తే అర్థమై ఉంటుంది నా బాధ.

కామాకుమార్

ఇదిలా ఉండగా, మరోవైపు, కాగా, అయితే నేను భోంచేసి వస్తా.

వేపగాలి

అయితే అంటే హవెవర్ అని ఎప్పుడు స్థిరపడిందో గానీ, మాటల్లో మనం "అయితే రేపు వస్తున్నావన్నమాట" అంటాం. అక్కడ అది సో, ఎదురుమాట కానే కాదు.

ఎర్రసిరా

@వేపగాలి అవును. అయితే పుట్టిందే "అవు" నుంచి. అలా అయినట్టయితే అని. ఎదురు అర్థం ముందు వెనకల్ని బట్టి వస్తుంది, మాటలో పుట్టుకతో లేదు. అందుకే దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టినా మరీ తప్పుగా వినపడదు, @కాగా_మరోవైపు గారి సైట్‌లో అంత సులువుగా చెల్లిపోవడానికి కారణం అదే. "కానీ" అలా చెల్లదు. పనిలేని చోట కానీ పెట్టి చూడండి, వెంటనే పట్టుబడుతుంది. "కానీ తాజాగా ఆయన ఒక ప్రకటన చేశారు." చదివినవాడు ఏదో గొడవ ఉందనుకుంటాడు.

నేను పిల్లలకి చెప్పే పరీక్ష ఇదే. అయితే రాసిన చోటల్లా కానీ పెట్టి చదవండి. నిలబడితే అది నిజమైన అయితే. పడిపోతే కొట్టేయండి.

సగంఫిజిక్స్

చిత్తుప్రతి గారి పేరాలో ఒక్కటే అయితే ఉంది, అది ఆ పరీక్ష పాసవుతుంది.

తోకచుక్క

ఆ ఒక్కచోట కూడా అయితే, కానీ రెండూ అక్కర్లేదేమో. "మాత్రం" ఉంది కదా. "చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతాయి. నీరు మాత్రం 4 డిగ్రీల దగ్గర మనసు మార్చుకుంటుంది." హవెవర్ పని మాత్రం చేసేసింది, అదీ ఎవరు ఎదురు తిరిగారో ఆ మాట పక్కనే నిలబడి. అయితే వాక్యం మొదట్లో ఉంటే ఎదురు ఎక్కడుందో పాఠకుడు వెతుక్కోవాలి.

ఎర్రసిరా

@తోకచుక్క ఇది నాకు తట్టలేదు. బాగుంది.

సగంఫిజిక్స్

నీటికి మనసు పెట్టకండి, పిల్లలు పరీక్షలో రాసేస్తారు.

చిత్తుప్రతి

ఇవన్నీ చదివి మళ్ళీ రాశాను. చూడండి:

"చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతూ ఉండగా నీరు మాత్రం 4 డిగ్రీల దాకా కుంచించుకుపోయి ఆ తర్వాత వ్యాకోచిస్తూ గడ్డకట్టేసరికి పరిమాణం దాదాపు 9 శాతం పెరిగి బరువు మారకపోయినా చోటు ఎక్కువ ఆక్రమించడంతో తేలికై నీటిపై తేలుతూ చెరువును పైనుంచి కప్పేయడంతో అడుగున నీరు గడ్డకట్టకుండా ఉండి చేపలు బతుకుతాయి."

వేపగాలి

ఊపిరాడట్లేదు. చేపలే నయం.

కామాకుమార్

భోంచేసి వచ్చేసరికి ఇంకా ఇదే వాక్యం నడుస్తోంది.

కాగా_మరోవైపు

క్రియ కోసం చివరిదాకా వెళ్ళాలి. వెళ్ళేసరికి కర్త ఎవరో మర్చిపోయాను. మధ్యలో "తేలికై తేలుతూ చెరువును కప్పేయడంతో" దగ్గర నీరు మంచుగా ఎప్పుడు మారిందో కూడా తెలియలేదు.

ఎర్రసిరా

తోకలు వాడమన్నాను కానీ అన్నీ ఒకే జంతువుకి తగిలించమనలేదు. నేనైతే ఒక వాక్యంలో రెండు తోకలు దాటితే ఆగి చూసుకుంటాను. మూడోది వచ్చిందంటే సాధారణంగా అక్కడ రెండు ఆలోచనలున్నాయి, ఫుల్‌స్టాప్ పడాలి. వాక్యం ఆగినంత మాత్రాన పేరా తెగిపోదు. తర్వాతి వాక్యం ముందు వాక్యంలోని ఏదో ఒకదాన్ని పట్టుకుని మొదలైతే చాలు. "ఆ పొర", "ఈ నీరు", "అక్కడే". కలిపే మాటల లిస్టుల్లో ఇవి ఎప్పుడూ ఉండవు. పేరాని ఎక్కువగా నడిపేవి మాత్రం ఇవే.

చెరువు దగ్గర కొత్త సంగతి మొదలవుతోంది కాబట్టి అక్కడ తప్పకుండా ఆపండి.

సగంఫిజిక్స్

పైగా మళ్ళీ 4 డిగ్రీల నీరు అడుక్కి దిగే ముక్క ఎగిరిపోయింది. మొత్తం కథ దాని మీదే నిలబడింది. మంచు పైన కప్పేయడం ఒక్కటే కారణమైతే అడుగున నీరు దాదాపు 0 డిగ్రీల్లో ఉండొచ్చు. లోతైన మంచినీటి చెరువులో అడుగున 4 దగ్గర్లో ఉంటుంది. అలాగే పై పొర వేడిని నెమ్మదిగానే బయటికి పోనిస్తుంది కాబట్టి మంచు మందం నెమ్మదిగా పెరుగుతుంది. మరీ లోతు లేని గుంట అడుగుదాకా గడ్డకట్టొచ్చు, అప్పుడు చేపలు బతకవు. సముద్రపు ఉప్పునీటికి ఈ 4 డిగ్రీల లెక్క వర్తించదు.

వేపగాలి

@సగంఫిజిక్స్ ఇవన్నీ పేరాలో పెట్టాలా?

సగంఫిజిక్స్

వద్దు. "లోతైన చెరువు" అంటే చాలు. నేను చెప్పేది ఏంటంటే, కారణం తెలియకపోతే కాబట్టి ఎక్కడ పెట్టాలో తెలియదు.

తోకచుక్క

ఇంకో అనుమానం. "అయినప్పటికీ"ని అందరూ తిడుతున్నారు. "పడినా" ఉండగా "పడినప్పటికీ" ఎందుకు అని నేనూ అనుకునేవాణ్ణి. కానీ ఒక తేడా ఉంది. "వాన పడినా వెళ్తాను" అంటే వాన ఇంకా పడలేదు, పడితే కూడా అని. "వాన పడినా వెళ్ళాను" అంటే పడింది. "నా" రెంటికీ పనికొస్తుంది, ఏదన్నది చివరి క్రియ వస్తే గానీ తెలియదు. "పడినప్పటికీ" అంటే నా చెవికి వాన పడిపోయినట్టే. అంటే ఇంగ్లిష్‌లో ఈవెన్ ఇఫ్, ఆల్దో తేడా. పొడవు వాక్యంలో ముందే తెలియాలంటే నప్పటికీ పనికొస్తుంది కదా?

ఎర్రసిరా

పనికొస్తుంది. నేను తిట్టేది వాక్యం మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చునే "అయినప్పటికీ"ని. క్రియ తోకగా వచ్చే నప్పటికీతో నాకు పేచీ లేదు. కొంచెం బరువు, అంతే.

కాగా_మరోవైపు

నాకు పేచీ ఉంది. "రేపు వాన పడినప్పటికీ మ్యాచ్ జరుగుతుంది" అని మా వాళ్ళు రోజూ రాస్తారు, ఎవరూ తప్పు పట్టరు. అంత కచ్చితమైన తేడా ఉందంటే నమ్మను.

తోకచుక్క

మీ సైట్‌లో ప్రతి పేరా అయితేతో మొదలవుతుందన్నారు, మీ సాక్ష్యం చెల్లదు.

కాగా_మరోవైపు

అయితే సరే.

మూడోబెంచి

నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. నాకు హవెవర్ సంగతి ఎవరైనా చెప్పండి. దాని ముందు ఎప్పుడూ సెమీకోలన్ పెట్టాలని ఒకతను చెప్పాడు. నేను కామా పెట్టి, రెండు వైపులా పూర్తి వాక్యాలు రాస్తే ఎర్రగీత పడింది.

తోకచుక్క

@మూడోబెంచి ఎప్పుడూ కాదు. హవెవర్ రెండు పూర్తి వాక్యాల మధ్య వస్తే దాని ముందు కామా సరిపోదు, ఎందుకంటే అది బట్ లాగా వాక్యాల్ని అతికించలేదు. ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టండి, లేదా సెమీకోలన్. దాని తర్వాత కామా. ఒకే వాక్యం మధ్యలో దూరిస్తే రెండు పక్కలా కామాలు చాలు. దేర్‌ఫోర్‌కీ అంతే, పూర్తి వాక్యాల మధ్య కామా ఒక్కటే చాలదు. ఆల్దో మాత్రం అతికించగలదు, దానికి ఈ బాధ లేదు.

మూడోబెంచి

అంటే బట్, ఆల్దో జిగురు. హవెవర్, దేర్‌ఫోర్ బోర్డు. దారి చూపిస్తాయి, అతికించవు. ఈ ఒక్క ముక్క నాకు పదేళ్ళ ముందు కావాల్సింది.

వేపగాలి

@మూడోబెంచి తెలుగులో కూడా అంతే అనిపిస్తోంది. "పడినా" జిగురు, "అయినప్పటికీ" బోర్డు. చిత్తుప్రతి గారి పేరాలో రోడ్డు లేదు, బోర్డులే ఉన్నాయి.

చిత్తుప్రతి

బోర్డులన్నీ పీకేశాను. ముందు ప్రతి రెండు వాక్యాల మధ్యా పక్కన పెన్సిల్‌తో "ఎందుకు?", "అయితే ఏం?", "మరి అది?" అని పిల్లాడు అడిగే ప్రశ్న రాసుకున్నాను. తేలే మంచుకీ చెరువుకీ మధ్య ఏ ప్రశ్నా తట్టలేదు, అక్కడ కొత్త వాక్యంతో మొదలుపెట్టాను. ఇదిగో:

"చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతాయి. నీరూ అంతే, కానీ 4 డిగ్రీల దాకానే. అంతకంటే చల్లబడితే అది తిరిగి వ్యాకోచించడం మొదలుపెడుతుంది. గడ్డకట్టి మంచు అయ్యేసరికి దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. బరువు మారకుండా చోటు మాత్రం ఎక్కువ కావడంతో మంచు నీటిమీద తేలుతుంది. ఇప్పుడు లోతైన ఒక చెరువును ఊహించుకోండి. చలి పెరిగేకొద్దీ అందులోని నీరు చల్లబడుతుంది. 4 డిగ్రీల నీరు అన్నిటికంటే సాంద్రమైనది కాబట్టి అడుగుకు చేరుతుంది. అంతకంటే చల్లటి నీరు పైనే ఉండిపోయి అక్కడే గడ్డకడుతుంది. ఆ పొర కింద నీరు నీరుగానే మిగులుతుంది. అందుకే బయట ఎంత చలిగా ఉన్నా చేపలు బతుకుతాయి."

సగంఫిజిక్స్

నాకు అభ్యంతరం లేదు. "ఎంత చలిగా ఉన్నా" కొంచెం ఎక్కువే, కానీ లోతైన అన్నారు కాబట్టి వదిలేస్తున్నా.

ఎర్రసిరా

రెండో రూపంలో "అయినప్పటికీ" తప్పు చోట ఉండేది. ఇప్పుడు ఆ ఎదురు సరైన చోట దొరికింది చూడండి. పైనుంచి గడ్డకట్టడానికీ అడుగు నీటికీ మధ్య కాదు, బయటి చలికీ చేపల బతుకుకీ మధ్య. "ఉన్నా" అన్న ఒక్క తోక చాలింది.

వాక్యాలు పదకొండు అయ్యాయి, ముందున్నవాటికంటే నాలుగు ఎక్కువ. విడిగా మాత్రం అనిపించట్లేదు.

కాగా_మరోవైపు

"ఇప్పుడు లోతైన ఒక చెరువును" బదులు "లోతైన చెరువొకటి ఊహించుకోండి" అంటే ఇంకా బాగుంటుంది. "ఒక చెరువును" ఇంగ్లిష్ వాసన.

చిత్తుప్రతి

మార్చాను. పంపేశాను.

కామాకుమార్

ఎడిటర్ గారి జవాబు కోసం పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

చిత్తుప్రతి

రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. తీసుకున్నారు. ఒకే ఒక్క మార్పు చేశారు. "నీరూ అంతే, కానీ 4 డిగ్రీల దాకానే" అన్నదాన్ని "నీరూ అంతే. అయితే 4 డిగ్రీల దాకానే" అని మార్చారు. కానీ మాటల భాషట, రాతలో అయితే ఉండాలట.

తోకచుక్క

ఇది అన్యాయం. కానీ ఉంటే ఆ మాట ఒక్క ఊపులో వెళ్ళిపోతుంది. అయితే పెట్టి ముక్క చేసేశారు.

ఎర్రసిరా

నేనైతే కానీయే ఉంచమనేవాణ్ణి. రాతలో కానీ కూడదన్న నియమం నేనెప్పుడూ వినలేదు.

కాగా_మరోవైపు

నేను విన్నాను. మా ఎడిటర్ కూడా అదే అంటారు. నాకైతే అయితే బాగానే ఉంది.

వేపగాలి

మీకు బాగానే ఉంటుంది లెండి.